సెలవులో నా చిరునామా

మా వదిన ఫోన్ చేసినప్పుడు అనంతపురం ఆఫీసులో నేనొక్కడినే ఉన్నాను. తనకల్లు అవతల మా ఊరి బస్టాపు పక్కన ఎస్టీడీ బూత్ ఒకటి ఉండేది, అక్కడి నుంచి చేసింది. మామూలుగా ఆమె మాట్లాడితే ఫోన్ చెవికి ఎడంగా పట్టుకోవాలి. ఆ సాయంత్రం గొంతు తగ్గించి మాట్లాడింది.

"మీ అన్న మాట్లాడేది మానేసినాడప్పా. ఆ కొత్త బోరులో నీళ్ళు పడక దుమ్ము లేచినకాడి నుంచి ఇంతే. పొద్దున్నే పోయి ఆ గొట్టం పక్కన కూచుంటాడు. పిలిస్తే చూస్తాడు గానీ పలకడు."

"అన్నం తింటాండాడా?"

"పెడితే తింటాడు. నిన్న ఎనుమును పక్కింటోళ్ళ కొట్టంలో కట్టేసి వచ్చినాడు. పార, గడ్డపార, తాళ్ళు అన్నీ కడిగి మూలకు పెట్టినాడు. పండగా ఏమన్నా అని అడిగినా. నవ్వినాడు. ఆ నవ్వు చూసినాక నాకు భయమైతాండాది. నువ్వొస్తే మాట్లాడతాడేమో."

"రేపొస్తా వదినా. పొద్దున బస్సుకే వస్తా. అంతదాకా కనిపెట్టుకోనుండు."

"యాడని కనిపెట్టేది? నేను కూలికి పోకుంటే ఎట్ల?"

ఫోన్ పెట్టేశాను. పనిముట్లు కడిగి పెట్టడం అనే మాట నాలో దిగబడింది. మా అన్న వాన పడితే తప్ప పార కడిగే మనిషి కాదు. ఆ ఏడు మా వైపు ఊళ్ళలో చానామంది ఇళ్ళలో ఇలాగే అన్నీ సర్దిపెట్టిన తర్వాత జరిగింది ఏమిటో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

మర్నాడు నేను పోవాలి. పోతున్నానని మేనేజరుకు చెప్పాలి. ఆయన బెంగళూరులో ఉన్నాడు, మర్నాడు గానీ అనంతపురం రాడు.

ఆ కంపెనీ పెట్టింది బెంగళూరులో చదువుకున్న కుర్రవాళ్ళు. పొలాల్లో చిన్న స్తంభాలు పాతి, వాన ఎంత పడింది, గాలి ఎంత వీచింది అనేది వాటంతట అవే ఫోన్ ద్వారా పంపే యంత్రాలు పెట్టేవాళ్ళం. వాళ్ళు ఆ స్తంభాలను స్టేషన్లు అనేవాళ్ళు, కంపెనీని స్టార్టప్ అనేవాళ్ళు. నేను ఎనిమిదో తరగతితో ఆపినవాణ్ణి. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. యంత్రం పంపే అంకె తప్పో ఒప్పో చూసి చెప్పేవాణ్ణి. మేనేజరుకు ముప్పై కూడా దాటలేదు. విజయవాడ అబ్బాయి. మొదటి రోజే, "సార్ అనొద్దన్నా, పేరు పెట్టి పిలవండి" అన్నాడు. నా నోట పేరు రాదు, సార్ అనొద్దన్నాడు, కాబట్టి రెండేళ్ళు ఆయన్ని ఏమీ పిలవకుండానే గడిపేశాను.

సెలవు సంగతి కూడా మొదటి వారంలోనే చెప్పాడు. "లెటర్లేం వద్దన్నా. ఒక మెసేజ్ పెట్టండి. రావట్లేదని చెప్పండి, ఎందుకో చెప్పాలనిపిస్తే చెప్పండి, మీ పని ఎవరు చూస్తారో చెప్పండి. అయిపోయింది."

"అనుమతి అడగొద్దా?"

"మీరు రానప్పుడు నేను అనుమతి ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత?"

అక్కడి పిల్లలు అలాగే పెట్టేవాళ్ళు. ఒకడు, 'బాస్, రేపు నాకు జ్వరం, స్టేషన్లు మనవాడు చూస్తాడు' అని పెట్టాడు. మేనేజరు అందరి ముందూ చదివి, "రేపు జ్వరం వస్తుందని ఈ రోజే తెలిసిపోయిందా? మన యంత్రాలకంటే నువ్వే నయం" అన్నాడు. వాడూ నవ్వాడు. సెలవు ఎటూ ఇచ్చేసినట్టే.

నాకు ఆ నవ్వులో కాలు పెట్టడం చేతకాలేదు. నేను సెలవు చీటీ రాయడం నేర్చుకున్నది వేరే చోట.

తొంభైల చివర్లో నేను భూగర్భ జలాల కొలతలు తీసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో రోజువారీ మనిషిగా ఉండేవాణ్ణి. పరిశీలన బావుల్లోకి టేపు వదిలి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో రాసుకురావడం నా పని. అక్కడి అధికారి కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. గట్టిగా అరిచేవాడు కాదు. అది ఇంకా కష్టం. నా మొదటి సెలవు చీటీలో, 'అయ్యా, రేపు మా ఊరిలో పెళ్ళి ఉన్నది, నేను రావడం లేదు' అని రాశాను. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇది నాకు తెలియజేయడమా, నన్ను అడగడమా?"

"అడగడమే సార్."

"ఎక్కడ అడిగావు? చూపించు."

చూపించడానికి ఏమీ లేదు. పెద్ద గుమాస్తా నన్ను బయటికి తీసుకెళ్ళాడు. గుత్తి నుంచి వచ్చిన ముసల్మాను, మంచివాడు. "అరే భాయ్, నువ్వు రావడం లేదని ఆయనకెందుకు? నీ రాకపోవడం ఆయన ఇచ్చేది. నువ్వు పుచ్చుకునేది. చేయి చాపినట్టు రాయాల" అన్నాడు. కూర్చోబెట్టి నేర్పాడు. పైన హోదా, పేరు కాదు. తర్వాత విషయం. తర్వాత ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ముందూ వెనుకా ఆదివారం కలుస్తుంటే దాన్ని కలుపుకోవడానికి కూడా అనుమతి. ఊరు దాటి పోతుంటే దానికి వేరే అనుమతి. కారణం ఒక్క మాటలో.

"పెళ్ళని రాయొద్దా?"

"పెళ్ళని రాస్తే ఎవరి పెళ్ళి అంటాడు. మేనమామ కూతురిదని రాస్తే నువ్వు లేకుంటే తాళి కట్టరా అంటాడు. అనివార్యమైన స్వంత కారణములు అని రాయి. దానికి ఎదురు ప్రశ్న లేదు."

ఇంకో రెండు అలవాట్లు ఆ అధికారివే, వేరే ఆఫీసుల్లో నేను చూడలేదు. ఒకటి, ఒక్కరోజు సెలవైనా నీ దగ్గరున్న ఆఫీసు సామాను సమస్తం అప్పగించి, ఇకపై నా వద్ద ఏమీ లేదని రాసి పోవాలి. రెండు, సెలవులో చిరునామా. ఊరి పేరు రాస్తే ఒప్పుకునేవాడు కాదు. ఏ ఇల్లు, ఇంట్లో లేకపోతే ఎక్కడ, మనిషి పోయి వేలు పెట్టి చూపించేలా రాయాలి.

ఎందుకని గుమాస్తాను అడిగాను. చెప్పాడు. అంతకు ముందు ఎప్పుడో ఒక వాచ్‌మన్ ఊరికి పోతున్నానని సెలవు పెట్టి పోయాడట. సెలవు అయిపోయినా రాలేదు. ఇంటివాళ్ళు ఆఫీసులో ఉన్నాడనుకున్నారు, ఆఫీసువాళ్ళు ఇంట్లో ఉన్నాడనుకున్నారు. మడకశిర వైపు ఒక గుట్ట కింద, నీడ లేని చోట, గొర్రెలు కాసేవాళ్ళకు కనిపించాడు. వడదెబ్బ. ఆ చీటీ మీద సంతకం ఈ అధికారిది. ఆ తర్వాత నుంచి ఆయన చీటీలో ముందు చదివేది చివరి పంక్తేనని గుమాస్తా అన్నాడు.

ఇదంతా తెలిసిన తర్వాత నాకు ఆ పద్ధతి మీద ఒక నమ్మకం కుదిరింది. ఆ భాషలో రాసినప్పుడు నేను మనిషిని కానట్టు, గళ్ళల్లో పెట్టిన అంకెను అయినట్టు ఉండేది. అంకెకు ఏమీ కాదు.

వదిన ఫోన్ చేసిన సాయంత్రం ముందు నేను మెసేజే పెట్టబోయాను. కంపెనీ ఇచ్చిన సెల్ తీసి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాను. 'మా అన్న బాగలేడు. చచ్చిపోతాడేమోనని భయంగా ఉంది. ఊరికి పోతున్నాను.' అంతే. మేనేజరు చెప్పినట్టే, నిజం, సూటిగా. కానీ ఆ చిన్న వెలుతురు గడిలో ఆ మాట చూసేసరికి నా వేలు పంపే మీట దగ్గర ఆగింది. అప్పటిదాకా అది వదిన భయం. అక్షరాలుగా అక్కడ కూర్చున్నాక, అది జరిగిపోయి నాకు తెలియజేస్తున్నట్టు ఉంది. ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరిపాను. గడి ఖాళీ అయింది. ఖాళీ గడి ఇంకా బాగలేదు.

తెల్లకాగితం తీసి పాత పద్ధతిలో రాశాను.

'గౌరవనీయులైన మేనేజరు గారి సముఖమునకు. ఆర్యా, అనివార్యమైన స్వంత కారణముల వలన రేపటి నుండి మూడు దినములు సెలవు మంజూరు చేయవలసినదిగానూ, ఊరు విడిచి వెళ్ళుటకు అనుమతి దయచేయవలసినదిగానూ ప్రార్థించుచున్నాను. నా వద్దనున్న తాళములు, కొలత టేపు, సెల్ ఫోను ఇందుతో అప్పగించుచున్నాను. ఇకపై నా వద్ద కార్యాలయమునకు చెందినది ఏదియు లేదు. నా పనిలో లోపములున్నచో మన్నించగలరు. సెలవులో నా చిరునామా: మా అన్నగారి పొలము, కొత్త బోరు గొట్టము పక్కన.' కింద ఊరి పేరు, ఎస్టీడీ బూత్ నంబరు. తమ విధేయుడు అని సంతకం.

ఇల్లు అని ఎందుకు రాయలేదంటే, నేను నిజంగా ఉండబోయేది అక్కడే కనుక. అన్న ఎక్కడ కూర్చుంటే అక్కడ. చిరునామా సరిగ్గా రాయాలి. కాగితాన్ని మేనేజరు బల్ల మీద పెట్టి, దాని మీద సెల్ ఫోను ఆపేసి పెట్టి, దాని మీద తాళాలు పెట్టి, తలుపు దగ్గరికి లాగి, తెల్లవారి మొదటి బస్సు ఎక్కాను.

బస్సు కదిరి చేరకముందే చెడిపోయింది. డ్రైవరు ముందుకూ వెనక్కూ తిరిగి, "ఇంకో బండి వస్తాది, కూచోండి" అన్నాడు. ఒకామె, "ఆ మాట పోయినసారి గూడా చెప్పినావు, నా మనవడికి మీసాలొచ్చినాయి" అంది. అందరూ నవ్వారు. చుట్టూ ఎర్రమట్టి, రాళ్ళు, మొలిచీ మొలవని చెనక్కాయ పైరు. నా చేతిలో ఫోన్ లేదు. ఇంకో బండి వచ్చేసరికి ఎండ తిరిగిపోయింది. కదిరిలో తనకల్లు బస్సు పట్టుకుని, మా ఊరి మలుపులో దిగేసరికి పొద్దు వాలుతోంది.

బూత్ మూసి ఉంది. టీ అంగడి తెరిచే ఉంది, లోపల ఎవరూ లేరు, పొయ్యి మీద పాలు పొంగి చల్లారాయి. వీధిలో ఒక్క మగమనిషి లేడు. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలామె నన్ను చూసి, నోరు తెరిచి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆమె నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి.

ఆలస్యమైపోయిందని అనుకున్నాను. ఊరు ఇలా ఖాళీ అయ్యేది ఒక్క కారణానికే. పొలం వైపు నడిచాను. పరుగెత్తలేకపోయాను. పరుగెత్తితే త్వరగా తెలిసిపోతుంది.

గుట్ట పక్క దారి తిరగగానే పిలుపులు వినిపించాయి. చాలా గొంతులు, అక్కడక్కడ నుంచి, సాగదీసి పిలుస్తున్నాయి. మా అన్న పేరని చెవి పెట్టి విన్నాను. కాదు. అది నా పేరు.

నేను ఆగిపోయాను. నా పేరు ఎడమవైపు ముళ్ళకంపల్లోంచి వచ్చింది. తర్వాత ఎండిపోయిన పాత బావిలోంచి వచ్చింది, లోతుగా, రెండుసార్లు. బావి గట్టు మీద పడుకుని ఎవరో లోపలికి పిలుస్తున్నారు. ఇంకా అవతల మా పొలంలో, బోరు వేసిన రిగ్గు వాళ్ళు పోసిపోయిన తెల్లటి రాతిపొడి మధ్య, ఒక మనిషి మోకాళ్ళ మీద వంగి కొత్త బోరు గొట్టానికి నోరు ఆనించి నన్ను పిలుస్తున్నాడు. ఆ గొట్టం వెడల్పు ఆరున్నర అంగుళాలు. అందులో మనిషి పట్టడు. ఆ సంగతి పిలిచేవాడికీ తెలుసు. అయినా పిలిచి, చెవి ఆనించి, జవాబు కోసం ఆగుతున్నాడు. నేను దగ్గరికి పోయి నిలబడ్డాను, ఆయనకు వీపు వెనక. నేను పలికితే ఆ గొట్టంలోంచి పలికినట్టు అవుతుందేమోనని ఒక పిచ్చి భయం వేసింది. 

ఆయన తలెత్తాడు. మొహమంతా రాతిపొడి, కన్నీళ్ళు కారిన చోట రెండు చారలు. మా అన్న.

నన్ను చూసి లేవలేదు. చూపు నా కాళ్ళ మీదికి పోయింది. నేల మీద ఆనుతున్నాయా లేదా అని చూశాడనుకుంటాను. తర్వాత లేచి వచ్చి నా భుజం పట్టుకుని గట్టిగా నొక్కాడు.

"యాడికి పోయినావురా?"

"బస్సు చెడిపోయిందన్నా."

"బస్సు చెడిపోతే సచ్చిపోతాండా అని రాసి వస్తావా?"

నాకు ఏమీ అర్థం కాలేదు. ఈలోగా బావి దగ్గరివాళ్ళు చేరారు. బూత్ నడిపే ఆయన నన్ను చూడగానే తిట్టడం మొదలుపెట్టాడు. "ఏమప్పా, బతికే ఉండావా? మజ్జాన్నం నుంచి అంగడి మూసుకుని నీ కోసం బాయిలన్నీ తొంగి చూస్తిమే! ఆ అనంతపురం పిల్లోడు ఫోన్లో ఏడ్చినాడు, జీపేసుకోని వస్తాండాడు!"

సంగతి అప్పుడు తెలిసింది. మేనేజరు వచ్చి బల్ల మీద తాళాలు, ఆపేసిన ఫోను, కింద కాగితం చూశాడు. ఆ ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ అలాంటి కాగితం పెట్టలేదు. అనివార్యమైన కారణాలు. ఇకపై నా వద్ద ఏదీ లేదు. లోపాలుంటే మన్నించండి. చిరునామా, కొత్త బోరు గొట్టం పక్కన. మా ప్రాంతంలో రైతుల చావుల గురించి పేపర్లలో చదివి వచ్చిన అబ్బాయి. మూడు రోజులు అన్న మాట ఆయన కంటికి ఆనలేదు, ఆనినా నమ్మలేదు. నా సెల్‌కు ఫోన్ చేస్తే మోగడానికి అది ఆయన ముందే ఆపి ఉంది. బూత్‌కు చేశాడు. ఆ పొలానికి, ఆ గొట్టం దగ్గరికి ఇప్పుడే మనిషిని పంపండి, అక్కడే ఉంటాడు అన్నాడు.

పంపారు. అక్కడ మనిషి ఉన్నాడు. నేను కాదు.

కాసేపటికి జీపు వచ్చింది. మేనేజరు దిగి, రాళ్ళలో తడబడుతూ వచ్చి, నన్ను చూసి మట్టిలో కూర్చుండిపోయాడు.  "అన్నా, మా నాన్న కూడా నాకు అలాంటి ఉత్తరం రాయడు. ఊరికి పోతున్నా అని ఒక్క ముక్క పెడితే ఏం పోయేది?"

"మర్యాదగా ఉంటుందని."

"చచ్చిపోయినవాళ్ళు రాసినట్టుంది."

మా అన్న ఆయన పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ మాటకు తల తిప్పి ఆయన్ని చూశాడు. వారాలుగా ఎవరినీ చూడనంత నిదానంగా చూశాడు. "ఈ పిల్లోడికి ఇంటికాడ అన్నం పెట్టాల" అని లేచాడు. మా వదిన కంపల అంచున నిలబడి ఉంది. ఆ మాట విని అక్కడే కూలబడి ఏడ్చింది. ఎందుకేడ్చిందో అక్కడ చాలామందికి తెలియలేదు.

మర్నాడు పొద్దున పొలం గట్టు మీద అన్నే చెప్పాడు. నేను అడగలేదు.

"నిన్న నేను తిరిగి ఇంటికి రాకూడదని పోయినా. అంతా సరిపెట్టుకోనే పోయినా. కూచోనుంటే ఎవరో నీ పేరు పెట్టి పిలుస్తాండారు. వీడికేమైందిరా అని లేచినా. ఎవరూ కనపడలే. ఆ గుట్ట చుట్టూ తిరిగినా, బాయిలో చూసినా, మళ్ళీ వినపడె, మళ్ళీ తిరిగినా. మజ్జాన్నం దాటినాక ఊరోళ్ళు పరిగెత్తుకోని వచ్చి, నీ తమ్ముడు కనపడలేదు అన్నారు. నాకు తెలుసు, పొద్దుటినుంచి ఎతుకుతాండా అన్నా."

"పొద్దుటినుంచా?"

"నీడ ఇంకా ఇట్ల పడమటికే ఉండె."

నేను ఆ లెక్క అప్పుడే వేశాను, ఆ తర్వాత చాలాసార్లు వేశాను. మేనేజరు బెంగళూరు నుంచి వచ్చి తలుపు తీసింది పదకొండు దాటాక. బూత్ మోగింది మధ్యాహ్నం. ఊరివాళ్ళు పొలం చేరింది ఆ తర్వాత. నీడ పడమటికి పొడుగ్గా ఉన్న వేళకు నా కాగితం ఎవరూ చదవకుండా తాళాల కింద ఉంది. నేను బస్సులో కూర్చుని ఒకామె మనవడి మీసాలకు నవ్వుతున్నాను. గాలి పైన వీస్తే ఉత్త బోరు గొట్టం మూలుగుతుంది. అలాంటివి వందల బావుల దగ్గర విన్నాను, దానికి కారణం నాకు తెలుసు. అది మూలుగుతుంది గానీ పేరు పెట్టి పిలవదు.

"ఏ గొంతన్నా అది?" అన్నాను.

ఆయన గొట్టం వైపు చూశాడు. "నీ గొంతు మాదిరే ఉండె. నిన్ను నువ్వే పిలుచుకుంటే ఎట్లుంటాదో అట్ల."

మూడు దినాలు అయిపోవచ్చాయి. అన్నను విడిచిపోవడానికి మనసొప్పలేదు. బూత్‌కు పోయి మేనేజరుకు ఫోన్ చేశాను. కాగితం లేదు, ఆర్యా లేదు, ప్రార్థన లేదు. ఏమని మొదలుపెట్టాలో తెలియక ఆయన పేరు పెట్టి పిలిచాను. అదే మొదటిసారి.

"మా అన్న చచ్చిపోవాలనుకున్నాడు. ఇప్పుడు మాట్లాడతాండాడు. కదిరిలో డాక్టరు దగ్గరికి పిలుచుకోని పోవాల. నేను ఇంకా కొన్నాళ్ళు రాను. స్టేషన్లు పిల్లోళ్ళను చూడమను."

 "ఉండండన్నా. ఎన్నాళ్ళైనా ఉండండి" అన్నాడు. తర్వాత మెల్లగా, "రోజూ ఒకసారి ఫోన్ చేయండి. ఏమీ లేకపోయినా చేయండి" అన్నాడు.

బయటికొస్తే అన్న రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడి ఉన్నాడు, ఉతికిన చొక్కాతో. నేను పక్కకు చేరగానే చేయి ఎత్తి ఆగమన్నాడు. పొలాల వైపు తల తిప్పి వింటున్నాడు. నేనూ విన్నాను. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

"ఏమన్నా?"

"ఏం లేదులే. ఈడనే ఉండావు గదా" అని నా చేయి పట్టుకున్నాడు. బస్సు వచ్చి ఆగి, మేమిద్దరం ఎక్కి కూర్చునేదాకా వదల్లేదు.